దామలచెరువు మండీలో మూడు గొంతులు: యాసను అతి చేయకుండా సంభాషణ రాయడం

పాత చిత్తూరు జిల్లా పాకాల మండలం దామలచెరువులో మామిడి మండీలు కాయతో నిండే రోజుల్లో ఒకే ట్రాక్టరు పక్కన మూడు రకాల తెలుగు వినబడవచ్చు. కాయ తెచ్చిన రైతు చుట్టుపక్కల పల్లె మనిషి. కొనడానికి వచ్చిన వ్యాపారిది నూజివీడు అనుకుందాం. సరుకు ఎత్తుకుపోవలసిన లారీ డ్రైవరుది నల్గొండ. ఈ ముగ్గురి మధ్య జరిగే పది నిమిషాల బేరాన్ని కథలో పెట్టాలనుకున్న రచయితకు రెండు అవసరాలు ఉంటాయి. పేర్లు తీసేసినా ఏ మాట ఎవరిదో పాఠకుడికి తెలియాలి. అలా తెలిసేలా చేసే ప్రయత్నంలో ముగ్గురిలో ఎవరూ నవ్వులపాలు కాకూడదు. మొదటిది తేలిక, రెండోది కష్టం. మొదటిదాన్ని సాధించే అడ్డదారులన్నీ రెండోదాన్ని చెడగొట్టేవే.

తొందరలో రాసిన తొలి ప్రతి దాదాపు ఇలా వస్తుంది:

రైతు: "ఏందప్పా, యాడికి బోతుండావు? నా కాయ జూడకుండానే రేటు జెప్తా ఉండావు గదప్పా! ఇది న్యాయమేనాప్పా?"

వ్యాపారి: "ఆయ్, అలా కాదండీ బాబూ. ఈ కాయకి ఇంతకన్నా రేటు రాదండీ, ఆయ్!"

డ్రైవరు: "గిదేంది, గీడ గిట్ల లొల్లి వెట్టుకుంటున్రు? పొద్దుగాల్ల సంది గీడనే గూసున్న. లోడు గాకపోతె నేను వోత!"

ఎవరు ఎవరో తెలిసిపోయింది, కానీ ముగ్గురూ మనుషుల్లా లేరు. మిమిక్రీ కళాకారుడు నిమిషంలో మూడు ప్రాంతాలు చేసి చూపించినట్టు ఉంది. ఇందులో తప్పు ఎక్కడుందో విడదీసి చూస్తే బాగు చేసే దారి దొరుకుతుంది.

అన్నిటికన్నా ముందు తేలిపోయే తప్పు వ్యాపారిది. "ఆయ్" అనేది గోదావరి జిల్లాల మాట, ముఖ్యంగా కోనసీమది. నూజివీడు మనిషి నోట దాన్ని పెట్టడమంటే కోస్తా అంతటినీ ఒకే సంచిలో వేయడమే. అచ్చంగా ఇలాగే కర్నూలు మాటను, చిత్తూరు మాటను కలిపి "సీమ యాస" అనీ, ఆదిలాబాద్, నల్గొండ, పాలమూరు మాటలను కలిపి "తెలంగాణ యాస" అనీ రాసేస్తుంటారు. ప్రాంతం ఎంత పెద్దదైతే యాస అంత పలచబడి, చివరికి నాలుగు సినిమా మాటలే మిగులుతాయి. పాత్రకు రాష్ట్రం సరిపోదు, ఊరు ఉండాలి.

రెండో తప్పు మరింత లోతుగా ఉంది. రైతు "జూడకుండా", "జెప్తా", "బోతుండావు" అంటున్నాడు, డ్రైవరు "గూసున్న", "వోత" అంటున్నాడు. వాక్యం గబగబా సాగేటప్పుడు ముందు మాట చివరి అచ్చు ప్రభావంతో చ, క, ప వంటి అక్షరాలు మెత్తబడి మారడం తెలుగులో కొత్త సంగతి కాదు. పాత వ్యాకరణాలు ఇలాంటి మార్పులకు సరళాదేశం, గసడదవాదేశం అని పేర్లు కూడా పెట్టాయి. ప్రబంధంలో "వాడు వోయె" అని ఉంటే అది వ్యాకరణం. డ్రైవరు నోట "నేను వోత" అని అచ్చయితే మాత్రం అది చదువు లేని మాటగా కనిపిస్తుంది. ఇక్కడి అన్యాయం ఇంకొకటి కూడా ఉంది. నూజివీడు వ్యాపారి కూడా మాట్లాడేటప్పుడు "వెళ్తున్నాను" అని అక్షరం అక్షరం పలకడు. "ఎల్తన్నా" అనే అంటాడు. కానీ అతని మాటను పుస్తక వర్ణక్రమంలోకి దిద్ది, మిగిలిన ఇద్దరి మాటను మాత్రం చెవికి వినబడినట్టు రాస్తారు. రాతభాషకు పునాది మధ్య కోస్తా వాడుక కావడంతో ఆ ప్రాంతపు పాత్రకు అసలు యాసే లేదన్న భ్రమ కలుగుతుంది. ఒకరికి ఉచ్చారణ రాసి మరొకరికి రాయకపోవడమే వెక్కిరింపుకు మొదలు. రచయితకు ఆ ఉద్దేశం లేకపోయినా పుట్టే ఫలితం అదే.

కనుక ఉచ్చారణను వర్ణక్రమంతో పట్టుకోవాలనే కోరికను ముందుగా వదులుకోవాలి. "చూడకుండా" అని రాస్తే చాలు. పాకాల పాఠకుడు దాన్ని తన గొంతుతోనే చదువుకుంటాడు. మార్పు శబ్దంలో కాక మాట రూపంలోనే ఉన్న చోట, అంటే "ఎక్కడ" బదులు "యాడ" అన్నప్పుడు, దాన్ని అలాగే ఉంచాలి. అది తప్పుగా పలికిన "ఎక్కడ" కాదు, వేరే మాట.

ఉచ్చారణను వదిలేశాక పాత్రను గుర్తుపట్టించే భారం క్రియ మీద పడుతుంది. తెలుగులో మామూలు వాక్యం క్రియతో ముగుస్తుంది. చెవికి చివరగా అందేదీ, ప్రతి వాక్యంలోనూ మళ్లీ మళ్లీ వచ్చేదీ అదే. ప్రాంతాల మధ్య తేడా కూడా అక్కడే నిలకడగా ఉంటుంది. మన ముగ్గురినే తీసుకుంటే, మూడో మనిషి గురించి వ్యాపారి "చేశాడు" అంటాడు, రైతు "చేసినాడు" అంటాడు, డ్రైవరు "చేసిండు" అంటాడు. తన గురించి చెప్పుకునేటప్పుడు వరసగా "చేశాను", "చేసినాను", "చేసిన" అవుతుంది. జరుగుతున్న పనికి వ్యాపారిది "చేస్తున్నాడు", రైతుది "చేస్తా ఉండాడు", డ్రైవరుది "చేస్తున్నడు". "ఉంది" అనే చిన్న మాట కూడా రైతు నోట "ఉండాది" అవుతుంది, డ్రైవరు నోట "ఉన్నది" అవుతుంది. డ్రైవరు మాటలో ఇంకో నియమం కనిపిస్తుంది. వస్తడు, వస్తరు, పోతం అన్నట్టు చివరి ప్రత్యయంలోని దీర్ఘం పొట్టిదవుతుంది. ఈ ఒక్క నియమాన్ని తప్పకుండా పాటిస్తే చాలు, "గిట్ల", "గట్ల" అనే మాటలు ఒక్కటి లేకపోయినా అతను తెలంగాణ మనిషని తెలుస్తుంది.

క్రియను ఆధారం చేసుకోవడంలో ఒక లాభం ఉంది. అది వ్యాకరణం కాబట్టి పాఠకుడికి నవ్వు రాదు. "ఉండాది" రెండోసారి కంటపడేసరికి కొత్తదనం పోయి, ఆ మనిషి మాట్లాడే తీరుగా స్థిరపడుతుంది. అయితే దీనికి షరతు నిలకడ. ఎక్కువగా కనిపించే పొరపాటు ఏమిటంటే, ఒక వాక్యంలో "ఉండాది" అన్న రైతు మరో వాక్యంలో "వచ్చిండు" అంటాడు. రెండూ "పల్లె భాషే" కదా అనుకున్న రచయిత చేతిలో చిత్తూరు, నల్గొండ కలిసిపోతాయి. ఆ ప్రాంతపు పాఠకుడు ఆ వాక్యం దగ్గరే పుస్తకం మీద నమ్మకం పోగొట్టుకుంటాడు. రాయడం మొదలుపెట్టే ముందే ఒక్కో పాత్రకు నాలుగు క్రియలను (చేయు, వచ్చు, పోవు, ఉండు) నేను, నువ్వు, వాడు, ఆమె, వాళ్లు అనే వరసలో రాసి పక్కన పెట్టుకోవడం మేలు. ఆ కాగితం నింపేటప్పుడు ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడ రచయితకు ఆ యాస తెలియదని అర్థం. ఆ ఖాళీని ఊహతో నింపకూడదు.

ఈ వరసలు రాసుకుంటే మరో సంగతి బయటపడుతుంది. "చేసినాడు" అన్న రూపం ఒక్క చిత్తూరుదే కాదు. శ్రీకాకుళం వైపూ వినబడుతుంది. కాబట్టి భూతకాలం ఒక్కటే చూసి ఊరు చెప్పలేము. "ఉండాడు", "చేస్తా ఉండాడు" అనే రూపాలు తోడైనప్పుడే అది దక్షిణాది మాటగా తేలుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించినప్పుడు రాయలసీమతో పాటు నెల్లూరును కూడా దక్షిణ మండలంలోనే చేర్చారు. తిరుపతి వీధుల్లో నెల్లూరు మాటకూ, స్థానిక మాటకూ తేడా బయటివాళ్లకు అంత సులభంగా అందకపోవడానికి ఈ బంధుత్వమే కారణం. ఆయన సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం పూర్తిగా వ్యవసాయ పదాలది. రైతు పాత్రను రాసే వాళ్లకు సినిమాల కన్నా అది నమ్మదగిన తోడు, అయితే ఆ పదాలు ఆరు దశాబ్దాల కిందటివని గుర్తుపెట్టుకుని వాడుకోవాలి.

చిత్తూరులోనూ అంతా ఒకటే మాట కాదు. 1911లో జిల్లా ఏర్పడినప్పుడు చిత్తూరు, చంద్రగిరి వంటి తాలూకాలు ఉత్తర ఆర్కాటు నుంచి, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా నుంచి వచ్చి చేరాయి. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి సంతలో తమిళం మాట్లాడటం మామూలు. కుప్పం, పలమనేరు వైపు కన్నడం కూడా తోడవుతుంది. పాకాల రైతు నోట తమిళ మాటలు గుప్పించడం తప్పు. నగరి నేతగాడి నోట ఒక్క తమిళ మాట కూడా రాకపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

క్రియ తర్వాత చూడవలసినది మర్యాద. యాసను పట్టుకున్న రచయితలు కూడా ఎక్కువగా ఇక్కడే జారిపోతారు. మధ్య కోస్తాలో గౌరవాన్ని "అండీ" మోస్తుంది. "వచ్చానండీ", "లేదండీ" అంటూ వాక్యం చివర అంటిపెట్టుకుని వస్తుంది. పాకాల రైతు దాన్ని అంతగా వాడడు. అతని గౌరవం బహువచనంలోనూ పిలుపులోనూ ఉంటుంది. "మీరు" అంటాడు, "అన్నా" అంటాడు, యాత్రికుడైతే "సామీ" అంటాడు. తనకన్నా చిన్నవాణ్ణి కూడా పరిచయం లేనప్పుడు "అన్నా" అని పిలవడం ఈ ప్రాంతంలో పద్ధతే. "అప్పా" అన్నది చనువున్న మాట. తొలి ప్రతిలో రైతు ఊరూ పేరూ తెలియని వ్యాపారిని మూడు సార్లు "అప్పా" అన్నాడు, పైగా "ఉండావు" అని ఏకవచనంలో మాట్లాడాడు. బేరం కుదరవలసిన మనిషితో ఆ రైతు అలా మాట్లాడడు. రచయిత యాస చూపించాలన్న ఆత్రంలో పాత్ర మర్యాదను తీసేశాడు. యాస ఉన్నవాడు మొరటువాడన్న భావం పాఠకుడిలో ఇలాంటి చోట్లే నాటుకుంటుంది.

మర్యాద విషయంలో "పో", "వెళ్లు" అనే రెండు క్రియలను ప్రత్యేకంగా చూడాలి. కోస్తా చెవికి "పో" కసురుకున్నట్టు వినబడుతుంది. పెద్దవాళ్లతో "వెళ్తున్నారా" అనాలి. చిత్తూరులోనూ తెలంగాణలోనూ "పోతారా", "పోతరా" అన్నవి ఏ కోపమూ లేని మాటలు. రైతు వ్యాపారిని "రేపు పోతారా?" అని అడిగితే అతని ఉద్దేశంలో అది ఆదరం. వ్యాపారికి ఒక్క క్షణం చివుక్కుమనవచ్చు. ఈ ఎడం కథకు పనికొచ్చే సరుకు. ఎవరి యాసనూ వెక్కిరించకుండానే ఇద్దరి మధ్య అపార్థం పుట్టించవచ్చు. పాఠకుడికి ఇద్దరి పక్షమూ అర్థమవుతుంది కాబట్టి నవ్వు వచ్చినా అది ఒకరి మీద పడదు.

ఇక నామవాచకాలు. వస్తువుల పేర్లు ప్రాంతాన్ని బాగా పట్టిస్తాయి. ఎర్రగడ్డ, ఉల్లిపాయ, ఉల్లిగడ్డ ఒకటే. ఎనుము, గేదె, బర్రె ఒకటే. శెనక్కాయ, వేరుశనగ, పల్లి ఒకటే. అయితే ఈ జాబితా చేతికి రాగానే పాత్రను వంటింట్లోకీ పశువుల పాకలోకీ తిప్పి, పదాలన్నీ పలికించాలనే ఆశ పుడుతుంది. ఆ ఆశకు లొంగకూడదు. వస్తువు కథలోకి తనంతట తాను వచ్చినప్పుడే దాని పేరు రావాలి. మామిడి మండీలో తప్పకుండా వచ్చేవి కాయల రకాలు. చిత్తూరులో బేనిషా అనే కాయను కోస్తాలో బంగినపల్లి అంటారు. గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురిని కృష్ణా జిల్లా వైపు కలెక్టర్ అంటారు. ఈ రెండో పేరు రచయితకు కలిసివచ్చే అదృష్టం. ఎందుకంటే చిత్తూరులో తోతాపురి ధర పడిపోయినప్పుడు రైతులు చూసేది జిల్లా కలెక్టరు వైపే.

ఈ మూడింటినే, అంటే క్రియ, మర్యాద, వస్తువు పేరును పట్టుకుని అదే బేరాన్ని తిరిగి రాస్తే ఇలా వస్తుంది:

రైతు: "పైపైన చూసి రేటు చెప్తా ఉండారు. కింద ఉండే కాయ గూడా తీసి చూడండన్నా. పైన మంచిది పెట్టి అడుగున పిందె పెట్టే మనిషిని కాదు నేను."

వ్యాపారి: "చూశానండీ. కాయ బావుంది, కాదనను. కానీ కలెక్టర్‌కి రేటు బాగా తగ్గించేశారు. నేనేం చెయ్యను?"

రైతు: "కలెక్టరు యాడ తగ్గించినాడు? మొన్ననే గదా ఫ్యాక్టరీ వాళ్లను పిలిచి మాట్లాడినాడు."

వ్యాపారి: "ఆ కలెక్టర్ కాదు, ఈ కాయే. మావైపు దీన్ని కలెక్టర్ అంటాం."

రైతు: "తోతాపురి అని చెప్పచ్చు గదా. నేను కలెక్టరాఫీసుకు పోయి అర్జీ పెడదామనుకుంటా ఉండాను."

డ్రైవరు: "పొద్దటి సంది బండి ఖాళీగనే ఉన్నది. మీరు రేటు ఒప్పుకుంటరా, నేను ఇంకో లోడు చూసుకోవాల్నా?"

రైతు: "రవంత సేపు ఉండన్నా. టీ తాగినావా?"

డ్రైవరు: "తాగిన, తాగిన."

ఇందులో రైతు మొదటి మాటలో యాస చూపే రూపాలు తక్కువే: "చెప్తా ఉండారు", "ఉన్న కాయ" బదులు "ఉండే కాయ", తర్వాత "గూడా". మిగిలినదంతా ఎవరైనా రాసే తెలుగే. అయినా అది నూజివీడు మాట కాదని తెలుస్తూనే ఉంది. "అన్నా" ఒక్కసారే వచ్చింది, అదీ తన మాట వినమని బతిమాలే చోట వచ్చింది. నిజమైన మాటల్లో పిలుపులు వాక్యానికొకటి చొప్పున రావు. మాట మొదలుపెట్టేటప్పుడు, కాదని చెప్పేటప్పుడు, మెత్తబరచాలనుకున్నప్పుడు వస్తాయి. "అప్పా", "అండీ", "అన్న" వంటివి ఎక్కడ పడితే అక్కడ చల్లితే యాస కాదు, తాలింపు అవుతుంది. క్రియ ప్రతిసారీ తన రూపంలోనే ఉండాలి, పిలుపు మాత్రం పని ఉన్నప్పుడే రావాలి. ఈ రెండింటినీ తారుమారు చేయడమే తొలి ప్రతిలో జరిగింది.

"గూడా", "గదా" అన్నవి ఉచ్చారణను రాయడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, అవి సరిహద్దులో ఉన్న మాటలు. కానీ దక్షిణాదిలో అవి వేగం వల్ల అప్పటికప్పుడు మారే రూపాలు కావు, స్థిరపడినవి. చాలామంది వాటిని రాసేటప్పుడు కూడా అలాగే రాస్తారు. అలాంటి వాటిని ఒకటి రెండుకు మించనివ్వకపోతే పాఠకుడి కన్ను తడబడదు.

వ్యాపారి మాటకూ ఇప్పుడు ఒక ఊరు వచ్చింది. "బావుంది", "నేనేం చెయ్యను", "తగ్గించేశారు", "మావైపు" అనేవి అతని గుర్తులు. అతని మాటను పూర్తిగా పుస్తక భాషలో ఉంచి ఉంటే మిగిలిన ఇద్దరే వింతగా కనిపించేవారు. "అండీ" ఒక్కచోటే పెట్టడానికి కారణం ఉంది. కాయ చూశానని ఒప్పుకునే చోట అతనికి మర్యాద అవసరం. రేటు దగ్గరికి వచ్చేసరికి అతను ఆ మర్యాదను కొంచెం వెనక్కి తీసుకున్నాడు. ఆ తీసివేతలోనే బేరగాడు కనిపిస్తాడు.

నవ్వు పుట్టించేది కలెక్టర్ అనే మాట. అది రైతు తెలివితక్కువతనం వల్ల పుట్టలేదు. అతని జిల్లాలో ఆ మాటకు ఉన్న అర్థం ప్రకారం అతను సరిగ్గానే అడిగాడు. అర్జీ గురించి చివర అన్న మాటలో వెటకారం అతనిదే. వెటకారం చేసే హక్కు ఏ పాత్రకు ఉందో చూస్తే రచయిత ఎటువైపు ఉన్నాడో తెలుస్తుంది. యాస ఉన్న పాత్ర ఎప్పుడూ నవ్వించేదిగానే ఉండి, తెలివైన మాట ఒక్కసారి కూడా అనకపోతే, క్రియలన్నీ వ్యాకరణబద్ధంగా ఉన్నా అది వెక్కిరింపే.

డ్రైవరు మాటలు తక్కువ. "తాగిన" అన్న ఒక్క క్రియలోనే నల్గొండ ఉంది. రైతు అయితే "తాగినాను" అంటాడు, వ్యాపారి "తాగాను" అంటాడు. కోస్తా పాఠకుడికి "తాగిన" అనేది "తాగిన మనిషి" అన్నట్టు సగంలో ఆగిన మాటగా అనిపించే ప్రమాదం ఉంది. అందుకే దాన్ని సూటి ప్రశ్న వెనకే పెట్టడం మంచిది. ముందున్న "తాగినావా" అర్థాన్ని పట్టి ఇస్తుంది. తెలియని రూపాన్ని బ్రాకెట్లో వివరించడం కన్నా, కింద అధోజ్ఞాపిక ఇవ్వడం కన్నా, పక్క మాటతో ఆదుకోవడం సంభాషణకు హాని చేయదు.

ఇక్కడి వరకు ఒక మనిషికి ఒకే మాట అన్నట్టు చూశాం. మనుషులు అలా ఉండరు. అదే రైతుకు ఫోను వచ్చి అటువైపు భార్య ఉంటే "ఇంకా యాడ? రేటు తెగలా. నువ్వు బువ్వ తినేసేయ్, నేను వస్తా" అంటాడు. వ్యాపారితో మాట్లాడేటప్పుడు ఉన్న "మీరు", ఆచితూచి పలికిన వాక్యాలు ఇక్కడ లేవు. తిరుపతిలో చదువుకుంటున్న కూతురు ఉంటే ఆమె అధ్యాపకుడితో "చేశాను సార్" అనీ, తండ్రితో "చేసినా నాయనా" అనీ అంటుంది. ఆమె రెండు మాటల్లో ఏదీ నటన కాదు. డ్రైవరు పదేళ్లుగా ఈ దారిలో తిరుగుతున్నవాడైతే తోతాపురి అనే అంటాడు, "ఎనుము" అంటే ఏమిటో అతనికి తెలుసు. క్రియ మాత్రం నల్గొండదే ఉంటుంది. మనిషి ఊరు మారినప్పుడు పదాలు త్వరగా మారతాయి, క్రియాంతాలు నెమ్మదిగా కదులుతాయి. తిరుపతిలో స్థిరపడిన కోస్తా ఉద్యోగిని రాసేటప్పుడు ఈ క్రమం పనికొస్తుంది. అతను "టెంకాయ" అనడం మొదలుపెట్టి ఉంటాడు. "ఉండాది" అనడం మాత్రం అంత త్వరగా మొదలుపెట్టడు.

కోపం వచ్చినప్పుడు యాస చిక్కబడుతుందని తెరమీద చూసి చూసి నమ్మేశాం. ఇంట్లో వాళ్ల మీద కోపమైతే అది నిజం కావచ్చు. పరాయి మనిషి మీద కోపం వచ్చినప్పుడు చాలామంది దానికి ఎదురుగా చేస్తారు. మాటను దిద్దుకుంటారు. బేరం చెడిపోతున్నప్పుడు రైతు "చూడండి, మీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పండి, కాయను తప్పు పట్టొద్దు" అన్నాడనుకుందాం. "అన్నా" పోయింది, "ఉండారు" పోయింది. అంతసేపు యాసలో మాట్లాడిన మనిషి ఒక్కసారిగా పేపరు భాషలోకి మారడం కేక కన్నా గట్టిగా వినబడుతుంది. ఈ పని చేయాలంటే అంతకు ముందు క్రియలు నిలకడగా ఉండి తీరాలి. మొదటి నుంచీ కలగాపులగంగా రాసినవాడికి ఈ అవకాశం ఉండదు.

రాసినది సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు ఉన్నాయి. ఒకటి రచయిత ఒంటరిగా చేయగలిగినది. పిలుపులు, ఊతపదాలు అన్నీ కొట్టేసి సంభాషణను చదవాలి. "అన్నా", "అండీ", "రవంత" లేకుండా కూడా ఎవరి మాట ఎవరిదో తెలుస్తుంటే యాస క్రియలోనూ, ఆలోచనలోనూ ఉన్నట్టు. తెలియకుండా పోతే అది పైపూతే. తర్వాత పాత్రల ఉద్దేశాలను చూడాలి. రైతు తన నిజాయితీ గురించి, వ్యాపారి తన నిస్సహాయత గురించి, డ్రైవరు తన సమయం గురించి మాట్లాడుతున్నారు. ముగ్గురినీ రాతభాషలోకి మార్చినా ఈ తేడా నిలబడాలి. నిలబడకపోతే యాస మీద మోయలేని బరువు వేసినట్టే.

రెండో పరీక్షకు ఆ ఊరి మనిషి కావాలి. చాలామంది రచయితలు ప్రతిని చేతిలో పెట్టి "సరిగ్గా ఉందా?" అని అడుగుతారు. మర్యాదకైనా "బాగుండాది" అనే జవాబు వస్తుంది, దానివల్ల ఉపయోగం లేదు. గట్టిగా చదివి వినిపించమని అడగాలి. చదివేటప్పుడు నాలుక ఎక్కడ ఆగిందో, ఏ మాటను తనకు తెలియకుండానే దిద్ది చదివారో గుర్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత ఈ మనిషిది ఏ ఊరు, ఎంత వయసు, ఎంత చదువు ఉండవచ్చు అని అడగాలి. రచయిత అనుకున్నది పాకాల మనిషైతే, విన్నవాళ్లు "ఇది మదనపల్లె వైపు మాట" అంటే, ఏ మాట వల్ల అలా అనిపించిందో అడిగి దాన్ని మార్చాలి. వయసు దగ్గర తేడా రావడం మరీ మామూలు. నలభై ఏళ్ల రైతు కోసం రాసిన మాట విని "మేము ఇట్ల అనం, మా అవ్వ అంటాది" అనే జవాబు వస్తే ఆ మాటను పారేయనక్కర్లేదు. కథలో అవ్వ ఉంటే ఆమె నోట పెట్టవచ్చు. లేకపోతే దాన్ని నోటుపుస్తకంలో, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాసి, వేరే కథ కోసం ఉంచుకోవచ్చు.